అమ్మవారి పటానికి వయసెంత?

ఆక్లాండ్‌లో స్థిరపడిన ఫిజీ తెలుగు కుటుంబాల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. దేవుడి గదిలో గాజు వెనుక ఉన్న లక్ష్మీదేవిని చూపించి, "ఇది మా తాతమ్మ ఓడెక్కేటప్పుడు ఇండియా నుంచి తెచ్చుకున్న పటం" అంటారు. వెంటనే ఇంట్లో చిన్నవాళ్లు ఎవరో ఒకరు అడుగుతారు: "నిజంగా అంత పాతదేనా? ఎలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్నకు చరిత్ర ముందుగా ఒక చట్రం ఇస్తుంది. మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకు తోటలకు కూలీల ఓడలు వెళ్లడం 1903లో మొదలైంది, 1916లో ఆగిపోయింది. తెలుగువాళ్లలో చాలామంది ఆ ఓడల్లోనే వెళ్లారు. 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాట్లు జరిగాక వాళ్ల మనవలు, మునిమనవలు ఎందరో న్యూజిలాండ్‌కు వచ్చారు. అందుకని తాతమ్మ మాట నిజం కావాలంటే ఆ పటం 1916కి ముందు అచ్చయి ఉండాలి. అలా అయి ఉండే వీలుందో లేదో చాలావరకు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం, చిన్న టార్చిలైటు, నోట్లు పరీక్షించడానికి వాడే అతినీలలోహిత దీపం ఉంటే చాలు.

ఒకే పటానికి మూడు తేదీలు

ముందుగా ఒక చిక్కుముడి విప్పాలి. పటం పాతదా అని అడిగినప్పుడు మనకు తెలియకుండానే మూడు ప్రశ్నలను కలిపేస్తాం. ఆ బొమ్మను చిత్రకారుడు ఎప్పుడు గీశాడు అన్నది ఒకటి. దాన్ని అచ్చుకోసం రాతి మీదకో రేకు మీదకో ఎప్పుడు ఎక్కించారు అన్నది రెండోది. మన చేతిలో ఉన్న ఈ కాగితం యంత్రంలోంచి ఎప్పుడు బయటికి వచ్చింది అన్నది మూడోది. ఈ మూడింటి మధ్య దశాబ్దాల దూరం ఉండవచ్చు.

ఇందుకు రవివర్మ లక్ష్మి మంచి ఉదాహరణ. తామర మీద నిలబడిన నాలుగు చేతుల అమ్మవారు, పక్కన పూలదండ ఎత్తి పట్టిన ఏనుగు ఉన్న ఈ చిత్రాన్ని రాజా రవివర్మ 1896లో గీశాడు. అప్పటికి రెండేళ్ల ముందు, 1894లో, ఆయన బొంబాయిలో సొంత అచ్చుకూటం పెట్టాడు. యంత్రాలు, పనివాళ్లను నడిపించే నిపుణులు జర్మనీ నుంచి వచ్చారు. నగరంలో ప్లేగు వ్యాపించిన ఆ దశాబ్దం చివర్లో అచ్చుకూటం లోనావ్లా దగ్గరి మళవలీకి తరలిపోయింది. 1900 దాటిన కొద్ది ఏళ్లకే రవివర్మ దాన్ని తన దగ్గర పనిచేసిన ఫ్రిట్జ్ ష్లైఖర్ అనే జర్మన్ నిపుణుడికి అమ్మేశాడు. రవివర్మ 1906లో కన్నుమూశాడు. అచ్చుకూటం మాత్రం ఆయన పేరుతోనే దశాబ్దాలపాటు నడిచి, 1972లో అగ్నికి ఆహుతైంది.

కాబట్టి బొమ్మ మూలన రవివర్మ సంతకం కనిపించినంత మాత్రాన కాగితం ఆయన కాలంనాటిదని చెప్పలేం. సంతకం బొమ్మలో భాగం. బొమ్మను ఎన్నిసార్లు అచ్చేసినా అదీ వెంట వస్తుంది. పటం వయసు చెప్పే విషయంలో అందరూ మొదట చూసే ఈ గుర్తే అన్నిటికన్నా బలహీనమైనది. మనకు కావలసింది మూడో తేదీ. అది కాగితంలోనూ, సిరాలోనూ, అంచున ఉన్న చిన్న అక్షరాల్లోనూ దొరుకుతుంది.

రాతి చుక్క, తెర చుక్క

తొలినాటి దేవుడి పటాలు రాతి అచ్చు పటాలు. ఈ పద్ధతి పేరు లితోగ్రఫీ. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డున్న సిరాతో బొమ్మ గీస్తారు. తరవాత రాయిని తడుపుతారు. జిడ్డు ఉన్నచోట నీరు నిలవదు, మిగతా చోట నిలుస్తుంది. అప్పుడు సిరా రోలరు దొర్లిస్తే సిరా జిడ్డుకు మాత్రమే అంటుకుంటుంది. కాగితం పెట్టి నొక్కితే బొమ్మ దిగుతుంది. చెక్కడం, గాట్లు పెట్టడం ఏమీ లేదు. నూనెకూ నీటికీ పొసగకపోవడం మీదే పనంతా నడుస్తుంది.

రంగుల బొమ్మకు ఒక రాయి సరిపోదు. పెడనలో కలంకారీ అద్దేవాళ్లు ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు వాడినట్టే, ఇక్కడ ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. మంచి పటానికి పది, పన్నెండు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రాళ్లు పట్టేవి. లేత గులాబీ, ముదురు గులాబీ, లేత నీలం, ముదురు నీలం, చర్మపు రంగు, నీడల రంగు వేరువేరుగా రాతి మీదకు ఎక్కించాలి. అమ్మవారి చెంప మీద వెలుగు నుంచి నీడలోకి మెల్లగా జారే ఆ మెత్తదనం కోసం పనివాడు సన్నటి పాళీతో వేల చుక్కలు చేత్తో పెట్టేవాడు.

భూతద్దంలోంచి వెతకవలసింది ఆ చుక్కలనే. అమ్మవారి చెంప, మెడ, మబ్బులు ఉన్న చోట చూడండి. చేత్తో పెట్టిన చుక్కలు ఒక వరసలో ఉండవు. కొన్ని లావు, కొన్ని సన్నం, కొన్ని తోకలున్నవి. ముఖం వంపును అనుసరించి అవి కూడా వంపు తిరుగుతాయి. చుక్క ఒక్కొక్కటీ నిండు రంగులో ఉంటుంది. నీలం చుక్క పక్కన గులాబీ చుక్క, వాటి కింద పలుచగా పరిచిన చర్మపు రంగు కనిపిస్తాయి. చీర అంచు దగ్గర ఎర్రరంగు గీత దాటి కాస్త బయటికి వచ్చి ఉంటే, ఆ రాయి అచ్చయ్యేటప్పుడు కాగితం వెంట్రుకవాసి జరిగిందని అర్థం.

తరవాతి కాలపు పటాలు ఇలా ఉండవు. చిత్రాన్ని కెమెరాతో సన్నటి గళ్ల తెర గుండా ఫొటో తీసి, ఆ చుక్కలతో అచ్చేసే పద్ధతి వచ్చింది. దీన్ని హాఫ్‌టోన్ అంటారు. ఇందులో చుక్కలు బారులు తీరి ఉంటాయి. నీలం, గులాబీ, పసుపు, నలుపు ఈ నాలుగే ఉంటాయి. వాటి బారులు వేరువేరు కోణాల్లో కలిసి చిన్న చిన్న పూల ఆకారాలు కడతాయి. శివకాశి క్యాలెండర్లన్నిటిలో ఇవే కనిపిస్తాయి. కోవిల్‌పట్టిలో దేవి ఆర్ట్ స్టూడియో నడిపిన సి. కొండయ్యరాజు (1898–1976) గీసిన లక్ష్మీ, మురుగన్ చిత్రాలు దక్షిణాది ఇళ్లన్నిటికీ చేరింది ఈ దారినే. ఆయన తమిళనాడులోని రాజు సామాజికవర్గానికి చెందినవాడు. మద్రాసు చిత్రకళాశాలలో చదివి, నాటక కంపెనీకి తెరలు వేసి, ఆ పైన దేవుడి బొమ్మలకు వచ్చాడు. ఆయన సంతకం పక్కన శిష్యుల సంతకాలు కూడా కనిపిస్తుంటాయి. అలాంటి పటం కూలీల ఓడలో వచ్చే వీలే లేదు.

ఈ భూతద్దం పరీక్షకు ఇంకో ప్రయోజనం ఉంది. పాత రవివర్మ పటాన్ని ఫొటో తీసి కొత్తగా అచ్చేసినవి బజారులో చాలా ఉన్నాయి. వాటిలో చేతి చుక్కలు కనిపిస్తాయి, కానీ ఆ చుక్కలే బారు చుక్కలతో తయారై ఉంటాయి. అడుగున ఉన్న అచ్చుకూటం పేరును చూస్తే అనుమానం పూర్తిగా తీరుతుంది. అసలు పటంలో ఆ అక్షరాలు నిండు సిరాతో, స్పష్టమైన అంచులతో ఉంటాయి. నకలులో అక్షరం అంచులు చుక్కలుగా విడిపోతాయి. పేరు కూడా ఫొటోలో భాగమే కదా.

చేతి చుక్కలు మునుపెన్నడూ చూడనివాళ్లకు కన్ను అలవాటు కావాలి. న్యూజిలాండ్‌లో దానికి మంచి అవకాశం ఉంది. వాంగనుయి పట్టణంలో ఎ.డి. విల్లిస్ అనే అచ్చుయజమాని 1889లో 'న్యూజిలాండ్ ఇలస్ట్రేటెడ్' అనే పుస్తకం ప్రచురించాడు. అందులోని ఊళ్ల చిత్రాలు రంగుల రాతి అచ్చులే. రవివర్మ అచ్చుకూటం ఇంకా పుట్టని రోజులవి. దేవుడి పటానికీ, ఆ కొండలూ రేవులూ ఉన్న చిత్రాలకూ బొమ్మలో పోలిక లేకపోయినా చుక్కల్లో ఉంది.

అంచున ఉన్న చిన్న అక్షరాలు

1867లో బ్రిటిష్ ఇండియాలో వచ్చిన చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం మీదా, పత్రం మీదా అచ్చువేసినవారి పేరు, ఊరు ఉండాలి. అందుకే పటాల అడుగున తెల్లటి అంచులో అచ్చుకూటం పేరు సన్నటి అక్షరాల్లో ఉంటుంది. దురదృష్టమేమిటంటే, ఫ్రేము కట్టేవాళ్లు చట్రానికి సరిపోవాలని మొదట కత్తిరించేది ఆ అంచునే. అది పోతే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం పోయినట్టే. అయితే ఎన్నోసార్లు అది పోలేదు, ఫ్రేము పెదవి కిందో అట్ట కిందో దాక్కుని ఉంటుంది. అందుకని వెనుక మేకులు జాగ్రత్తగా తీసి చూడకుండా పేరు లేదని అనుకోవద్దు. కాగితం గాజుకు అతుక్కుని ఉంటే మాత్రం లాగకండి. రంగు గాజుతోపాటు వచ్చేస్తుంది. అలాంటప్పుడు కాగితపు వస్తువులను బాగుచేసే నిపుణులకే చూపించాలి.

రవివర్మ అచ్చుకూటం పటాలపై ఊరిపేరు మారుతూ వచ్చింది. బొంబాయి అని ఉన్నవి ఉన్నాయి. కార్లా, లోనావ్లా, మళవలీ పేర్లున్నవి ఉన్నాయి. రెండో రకం అచ్చుకూటం కొండల్లోకి తరలిన తరవాతివి కాబట్టి 1890ల చివరికి ముందు పోవు. అనంత్ శివాజీ దేశాయి, మోతీబజార్, బొంబాయి అని కూడా కొన్నిటిపై కనిపిస్తుంది. ఆయన ఈ పటాలు అమ్మిన వ్యాపారి. బొంబాయి పేరు కనపడగానే పటం తొలినాటిదని పొంగిపోకుండా, ఆ బొంబాయి అచ్చువేసినవాడిదా, అమ్మినవాడిదా అని చదవాలి.

జర్మనీలో అచ్చయిందని రాసి ఉంటే మరో దారి దొరుకుతుంది. 1914లో యుద్ధం రాగానే జర్మనీ సరుకు ఆగిపోయింది. మళ్లీ 1920లలో వచ్చి 1939లో ఆగింది. అలాంటి పటం ఈ రెండు కాలాల్లో ఒకదానిలోకి చేరుతుంది. కరాచీలో మొదలైన బ్రిజ్‌బాసీ సంస్థ తన పటాలను జర్మనీలో అచ్చేయించింది రెండో కాలంలోనే. కరాచీ చిరునామా ఉన్న బ్రిజ్‌బాసీ పటం దేశవిభజనకు ముందుది.

మన కాలానికి దగ్గర పడేకొద్దీ చిరునామాయే తేదీ చెబుతుంది. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదని బాగా నమ్మవచ్చు. నయాపైసల్లో ఉంటే ఆ తరవాత 1964 వరకు. ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తరవాత. ఊరి పేరు ఇంగ్లిషులో చెన్నై అని ఉంటే 1996 తరవాతదే అనుకోవచ్చు.

కాగితం, రంగు: ఎంతవరకు నమ్మాలి?

కాగితం గోధుమరంగుకు తిరిగి, మూలలు పొడిపొడిగా రాలుతుంటే పాతదని అనిపిస్తుంది. ఇది చాలామందిని తప్పుదారి పట్టించే గుర్తు. చెక్కగుజ్జుతో చేసిన చవక కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురుకీ గాలికీ అదే గోధుమరంగుకు మారుతుంది. 1960లలో చవక కాగితం మీద వేసిన క్యాలెండరు, 1900 నాటి మందపాటి మంచి కాగితం పటం కన్నా ముసలిదిగా కనిపించవచ్చు. రంగు మారడం కాగితం నాణ్యతను చెప్పినంతగా వయసును చెప్పదు.

అతినీలలోహిత దీపం చెప్పేది ఇంతకన్నా గట్టిగా ఉంటుంది. కాగితాన్ని తెల్లగా మెరిపించడానికి కలిపే తెలుపు రసాయనాలు సుమారు 1950 నుంచి విరివిగా వాడుకలోకి వచ్చాయి. అవి అతినీలలోహిత కాంతిని మింగి నీలితెలుపు వెలుగును విడుస్తాయి. గది చీకటి చేసి, కళ్లు ఆ కాంతి వైపు పెట్టకుండా, పటం వెనుక వైపు దీపం వేయండి. కాగితం నీలితెలుపుగా మెరిస్తే అది తాతమ్మ ఓడెక్కిన కాలంనాటిది కాదు. వెనుక వైపే ఎందుకంటే ముందు వైపు పూసిన వార్నిష్ కూడా పచ్చగా మెరిసి కాగితాన్ని కప్పేస్తుంది. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. బట్టల సబ్బుపొడిలో ఇవే రసాయనాలు ఉంటాయి. ఉతికిన గుడ్డతో తుడిచిన చోట మరకలు మరకలుగా మెరుస్తుంది. కాగితమంతా ఒకే తీరున మెరిస్తేనే లెక్క. ఇది ఒకవైపు మాత్రమే పనిచేసే పరీక్ష. మెరిస్తే కొత్తదని తేలుతుంది, మెరవకపోతే పాతదని తేలదు. ఎందుకంటే 1950 తరవాత కూడా ఈ రసాయనాలు కలపని చవక కాగితాలు ఎన్నో వచ్చాయి.

టార్చిలైటును పటానికి పక్కనుంచి, బల్లపరుపుగా వేసి చూస్తే ఇంకొకటి కనపడుతుంది. మంచి పటాలకు నూనెరంగుల చిత్రంలా కనిపించాలని చివర్లో కాన్వాస్ నేత గుర్తులు అద్ది, వార్నిష్ పూసేవారు. వీటిని ఓలియోగ్రాఫ్‌లు అంటారు. ఏటవాలు వెలుగులో ఆ నేత గరుకుగా తేలుతుంది. కొత్త నకళ్లలో నేత బొమ్మలో కనిపించినా కాగితం నున్నగా ఉంటుంది.

రంగు విషయంలో నా సలహా కఠినంగానే ఉంటుంది. వెలిసిన రంగును బట్టి వయసు చెప్పవద్దు, ముఖ్యంగా న్యూజిలాండ్‌లో. ఇక్కడి వేసవి ఎండలో అతినీలలోహిత కాంతి ఉత్తరార్ధగోళంలో ఇంతే అక్షాంశం మీద ఉన్న ఊళ్ల కన్నా సుమారు 40 శాతం ఎక్కువ. పైగా ఇక్కడ ఎండ ఉత్తరం వైపు నుంచి ఇంట్లోకి పడుతుంది. మన ఊళ్ల లెక్కన ఉత్తరపు కిటికీ ఎదుట పెడితే ఎండ తగలదని పటం పెట్టినవాళ్ల ఇళ్లలో కొద్ది ఏళ్లకే అమ్మవారి ఎరుపు, పసుపు వెలిసిపోయి నీలం మిగులుతుంది. నాలుగు రంగుల పటాల్లో గులాబీ, పసుపు సిరాలు నీలం కన్నా ముందు పోవడమే కారణం. ఫ్రేము పెదవి కింద ఎండ తగలని సన్నటి పట్టీ ఉంటుంది. అసలు రంగు ఏదో అక్కడ చూడాలి. బంగారు రంగు నగలు ఆకుపచ్చగానో నల్లగానో మారి ఉంటే, అది ఇత్తడి పొడి కలిపిన సిరా. అది కూడా తడిని చెబుతుంది కానీ తేదీని కాదు.

కొన్ని రంగులకు పుట్టిన ఏడాది తెలుసు. థాలోసయనిన్ అనే గాఢ నీలం 1935లో మార్కెట్లోకి వచ్చింది. అది దొరికిన పటం అంతకు ముందుది కాదు. అయితే కంటితో దాన్ని మిగతా నీలాల నుంచి వేరు చేయలేం. ప్రయోగశాలలో లేసర్ కాంతితో చేసే రామన్ పరీక్ష కావాలి. మన సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన సంగతి మీదే ఆ పరీక్ష ఆధారపడింది.

క్యాలెండరు అయితే

దేవుడి బొమ్మ కింద నెలల పట్టిక మిగిలి ఉంటే పని సులువు. తెలుగు క్యాలెండర్ల మీద సంవత్సరం పేరు ఉంటుంది కాబట్టి, అంకెలు చిరిగిపోయినా లెక్క కట్టవచ్చు. విజయ నామ సంవత్సరం అనీ, ఆగస్టు 15 శనివారం అనీ కనిపించిందనుకోండి. విజయ అరవై ఏళ్లకొకసారి వస్తుంది: 1893, 1953, 2013. ఆగస్టు 15 మొదటి దానిలో మంగళవారం, చివరిదానిలో గురువారం. 1953లోనే శనివారం. ఆ రోజు సెలవుగా ఎర్రంకెలో ఉండడం కూడా దానికి సరిపోతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. సంవత్సరం పేరు ఉగాదికి మారుతుంది కాబట్టి, అదే క్యాలెండరులో జనవరి పేజీ మీద అంతకు ముందున్న నందన పేరు ఉంటుంది. పట్టిక విడిగా అతికించినదైతే అది పట్టిక తేదీయే. మిగిలిపోయిన బొమ్మలకు మరుసటి ఏడు కొత్త పట్టిక అంటించి ఇచ్చినవాళ్లు ఉన్నారు.

తాతమ్మ లక్ష్మి

ఇప్పుడు ఆక్లాండ్ ఇంటికి వద్దాం. అక్కడి పటంలో ఈ గుర్తులు కనిపించాయని అనుకుందాం. చెంప మీద చుక్కలు బారు తీరకుండా, నిండు రంగులో ఉన్నాయి. పక్క వెలుగులో నేత గరుకు తేలింది. ఫ్రేము విప్పితే అట్ట కింద అడుగు అంచు బతికే ఉంది. రవివర్మ ప్రెస్, కార్లా, లోనావ్లా అని నిండు సిరా అక్షరాలు. వెనుక కాగితం దీపానికి మెరవలేదు. వెనుక అట్టకు అంటించిన వార్తాపత్రిక ముక్క మీద 1938 అని ఉంది.

వీటిని ఒక్కొక్కటిగా తూకం వేయాలి. చేతి చుక్కలు, నిండు అక్షరాలు కలిసి ఇది అసలు రాతి అచ్చేనని చెబుతున్నాయి. ఊరి పేరు వల్ల 1890ల చివరికి ముందుది కాదు. మెరవని కాగితం దీనికి అడ్డు చెప్పడం లేదు, అంతకు మించి ఏమీ చెప్పడం లేదు. వార్తాపత్రిక మాత్రం తొందరపడి చదివితే మోసం చేస్తుంది. అది పటం అచ్చయిన తేదీ కాదు, ఫ్రేము కట్టిన రోజుకు ముందెప్పుడో వచ్చిన పత్రిక తేదీ. ఇంట్లో పడి ఉన్న పాత పత్రికను ఎన్నేళ్ల తరవాతైనా వాడి ఉండవచ్చు. పటం అంతకన్నా ముందుదా అన్నది పత్రిక తేల్చదు. అది ఫిజీ పత్రికైతే, ఫ్రేము ఫిజీలో కట్టారని మాత్రం బలంగా అనుకోవచ్చు.

పై హద్దు అంత తేలికగా దొరకదు. ష్లైఖర్ చేతికి వచ్చాక కూడా అదే పేరుతో, అదే లక్ష్మిని మళ్లీ మళ్లీ అచ్చేశారు. అరిగిన రాతి మీది బొమ్మను ప్రత్యేకమైన కాగితం ద్వారా కొత్త రాతి మీదకు దించేవారు. అలా దించిన ప్రతిసారీ సన్నటి చుక్కలు కొన్ని పోతాయి, కనురెప్పల గీతలు మొద్దుబారతాయి. ఇదే లక్ష్మి మరో ప్రతి పక్కన పెట్టి చూడగలిగితే, ఏది ముందుదో కనురెప్పలను బట్టి కొంత చెప్పవచ్చు. ఒక్క ప్రతితో అది కుదరదు.

కాబట్టి ఇంటివాళ్లకు చెప్పగలిగినది ఇది: పటం సుమారు 1899కీ 20వ శతాబ్దం నడిమికీ మధ్యది. తాతమ్మ 1903–1916 మధ్య మద్రాసులో ఓడెక్కితే ఆమె పెట్టెలో ఇది ఉండడానికి ఏ అడ్డూ లేదు. ఉందని నిరూపించేదీ ఇందులో ఏదీ లేదు. ఆ కాలం తరవాత ఫిజీకి వచ్చిన పటాల వ్యాపారి దగ్గర కొన్నదైనా కావచ్చు. ఈ సంగతులను పటం మీద కాక, ఆమ్లం లేని విడి కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో రాసి, పాత పత్రిక ముక్కనూ పారేయకుండా దానితోపాటు ఒక కవరులో పెట్టి, కొత్త ఫ్రేము వెనుక ఉంచాలి. తాతమ్మ ఓడ పేరు, ఏడాది ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే అదీ అక్కడే రాయాలి.